ఏఐ బొమ్మలో లంగా బాగుంది, అమ్మ చీరలోంచి వస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిబ్రవరి మొదటి వారంలో మాకు ఫేర్‌వెల్ పార్టీ. రెడీమేడ్ వద్దు, కుట్టిద్దాం అంది అమ్మ. అమ్మ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర ఒకటి ఉంది. ఆకుపచ్చ చీరకు ఎర్రటి పెద్దంచు. ఆ చీర ఫొటోనూ నా ఫొటోనూ ఏఐకి ఇచ్చి లంగావోణి, అనార్కలి, పొడవు గౌను, గొడుగు కట్ లెహంగా మీద పొట్టి టాప్, ఇలా నాలుగు రకాలు చూశాను. చివరిది కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. అమ్మకూ నచ్చింది. టైలర్‌కు చూపిస్తే "ఈ చీరలో ఇది రాదమ్మా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వేరే టైలర్‌కు ఇవ్వమని స్నేహితులు అంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, నడుము 28 అంగుళాలు. చీర పాడుకాకుండా ఎలా తేల్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, తెనాలి

సమాధానం:

మీ టైలర్‌ను మార్చకు తల్లీ. ఆయన సరిగ్గానే చెప్పాడు. కారణం చెప్పే ఓపిక లేకపోయి ఉంటుంది, సంక్రాంతి ముందు ఏ టైలర్‌కూ ఉండదు. ఆ కారణం నేను చెబుతాను.

ముందు నీ బొమ్మను కాస్త పెద్దది చేసి లంగా అడుగున అంచును చూడు. అంచులోని పువ్వులు, నెమళ్లు, ఏవి ఉంటే అవి, గొడుగు ఊచల్లా ఒక్కోటి ఒక్కో దిక్కుకు వాలి, గుండ్రంగా తిరుగుతున్నాయా? అలా తిరుగుతుంటే అది మగ్గం మీద నేసిన అంచు కాదు, ఏఐ గీసిన అంచు. మగ్గం మీద అంచు చీర పొడవునా తిన్నగా వస్తుంది. తిన్నటి అంచు వంపు తిరగదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా లెక్క దానంతట అదే తేలిపోతుంది.

గొడుగు కట్ అంటే బట్టను గుండ్రంగా కత్తిరించి మధ్యలో నడుముకు రంధ్రం వదలడం. నీ నడుము 28 అంగుళాలు కాబట్టి ఆ రంధ్రం మధ్య నుంచి అంచుదాకా దాదాపు నాలుగున్నర అంగుళాలు. దానికి 39 అంగుళాల లంగా పొడవు కలిపితే 43న్నర. ఆ వృత్తం చుట్టుకొలత 273 అంగుళాలు, అంటే దాదాపు 7 మీటర్లు. నీ చీర మొత్తం పొడవు ఐదున్నర మీటర్లు ఉంటుందనుకుందాం. కొంగు తీసేస్తే అంచు నాలుగున్నర మీటర్ల చిల్లరే మిగులుతుంది. మొదటి చిక్కు అక్కడ.

రెండోది అంతకన్నా మొండిది. పెద్దంచు వెడల్పు 8 అంగుళాలు ఉందనుకో. గుండ్రటి లంగాలో ఆ అంచు అడుగు భాగం 273 అంగుళాలు చుట్టుకు రావాలి. పై భాగం మాత్రం 223 అంగుళాలు వస్తే చాలు. చీర అంచుకు పైనా కిందా ఒకటే పొడవు కదా! కాబట్టి పై వైపున 50 అంగుళాల బట్టను చిన్న చిన్న మడతలుగా పెట్టి మింగించాలి. జరీ అంచు మందంగా ఉంటుంది. అన్ని మడతలు పడితే అక్కడ ఉబ్బెత్తుగా లేచి నిలబడుతుంది, నెమళ్లు సగం సగం తెగిపోతాయి. ఎంత పేరున్న టైలర్ కుట్టినా ఈ 50 అంగుళాలు ఎక్కడికీ పోవు. అంగుళం వెడల్పు లేసు అయితే ఈ తేడా ఆరు అంగుళాలకు కాస్త ఎక్కువ, అందుకే అది సులువుగా వంగుతుంది. నువ్వు గొడుగు కట్టే కావాలంటే అంచు లేని బట్ట కొని సన్న లేసు వేయించుకోవాలి, చీరను దాని జోలికి పోనివ్వకూడదు.

నీ ఉత్తరంలో అడగని సంగతి ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. బొమ్మలో ఉన్నది నువ్వేనా అని చూసుకున్నావా? కిందటేడు మా కుట్టు సెంటరుకు ఒక అమ్మాయి వచ్చింది. తనదీ ఇంటర్ రెండో సంవత్సరమే, తనదీ ఫేర్‌వెల్లే. వాళ్లమ్మ సంచిలో మూడున్నర మీటర్ల వంకాయ రంగు రాసిల్కు బట్ట, ఆ అమ్మాయి ఫోనులో అదే రంగు పొడవు గౌను బొమ్మ. బొమ్మలో గౌను భుజాల నుంచి నీళ్లలా జారి, పాదాల దగ్గర మెత్తగా కుప్పపడి ఉంది.

"ఇలాగే రావాలి ఆంటీ. రంగు కూడా సరిగ్గా ఇదే తెచ్చాం" అంది.

నేను ఏమీ అనకుండా బట్టను విప్పి, ఒక మూలను ఆమె భుజం మీద పెట్టి వదిలాను. రాసిల్కు కదా, జారలేదు. భుజం నుంచి ముందుకు పొడుచుకొచ్చి అట్టలా నిలబడింది. అమ్మాయి అద్దంలో చూసుకుంది, తర్వాత ఫోను చూసుకుంది.

"ఏఐకి ఈ బట్ట ఫొటోనే ఇచ్చాను ఆంటీ. దీన్ని చూసే గీసింది."

అది నిజమే. ఫొటోలోంచి రంగు, మెరుపు, నేత తీసుకుంది. బరువు ఎంత, బట్ట వదిలితే జారుతుందా నిలబడుతుందా అన్నది ఫొటోలో కనబడదు కాబట్టి తీసుకోలేదు. గౌను అనగానే జార్జెట్‌కో సాటిన్‌కో పడే మడతలను దీనికీ పెట్టేసింది. ఏఐ గీసిన బొమ్మల్లో ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. పట్టు, రాసిల్కు, ఆర్గంజా నిలబడే బట్టలు. జార్జెట్, క్రేప్, షిఫాన్ జారే బట్టలు. బొమ్మలో మడతలు సన్నగా, పొడవుగా, ఒంటికి అంటుకుని ఉంటే అది జారే బట్ట. వెడల్పుగా, గొట్టాల్లా ఉంటే నిలబడే బట్ట. దుకాణంలో రంగు కలపడం కన్నా ముందు ఇది కలవాలి.

ఆ అమ్మాయిని ఒక చీటీ తెచ్చుకోమన్నాను. బొమ్మ చేయడానికి ఏఐకి ఇచ్చిన తన అసలు ఫొటో తెరవమని, నడినెత్తి నుంచి గడ్డం దాకా పొడవును చీటీ మీద గీత గీయించాను. ఆ గీత ఆమె నిలువెత్తు ఫొటోలో ఎన్నిసార్లు పడుతుందో కొలిస్తే ఏడుసార్లు పట్టింది. ఏఐ బొమ్మలో అదే పద్ధతిలో కొలిస్తే ఎనిమిది దాటింది. కాళ్లు సాగాయి. భుజాలూ నడుమూ కూడా అలాగే చూశాం, నడుము తగ్గింది.

"అంటే ఇది నేను కాదా?" అంది. నవ్విందో, ముఖం చిన్నబుచ్చుకుందో ఆ క్షణంలో నాకు తెలియలేదు. వాళ్లమ్మ మాత్రం గట్టిగానే అంది, "నీ కాళ్లకు కొత్తగా అరడుగు ఎక్కడి నుంచి వచ్చిందే?" అని.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేశాను. బొమ్మలో మెడ గొంతు దాకా మూసి ఉంది. ముందు గుండీలు లేవు, వెనక వైపు బొమ్మ లేదు. "ఇందులోకి తల ఎలా దూరుస్తావు?" అన్నాను. వెనక జిప్పు పెట్టాలి, జిప్పు పెడితే వెనక మధ్యలో కుట్టు వస్తుంది, కుట్టు వస్తే బుటా ఉన్న బట్టయితే అక్కడ బుటాలు కలపాలి, దానికి బట్ట ఇంకాస్త కావాలి. బొమ్మలో ఉన్న గౌనుకు ఈ బాధలేవీ లేవు. దాన్ని ఎవరూ తొడుక్కోవాల్సిన పని లేదు కదా!

చివరికి గౌను మానేసి, ఆ రాసిల్కుకు తగినట్టు నడుము దాకా ఒంటికి పట్టి, అక్కడి నుంచి తిన్నగా కాస్త విచ్చుకుని మడమ పైన ఆగే ఏ-లైన్ ఫ్రాకు కుట్టాం. బట్ట నిలబడే గుణమే ఆ ఫ్రాకుకు అందమైంది. మూడు మీటర్లు పట్టింది. మిగిలిన అర మీటరుతో బొత్తాములకు బట్ట చుట్టి, చిన్న చేతిసంచి చేసుకుంది.

ఇప్పుడు నీ చీర సంగతికి వద్దాం. నువ్వు ముందు బొమ్మ చేసి తర్వాత బట్ట దగ్గరికి వెళ్లావు. దీన్ని తిరగేస్తే సగం చిక్కులు పోతాయి. ముందు బట్టను ఒంటి మీద చూసుకో, తర్వాత ఏఐ దగ్గరికి వెళ్లు.

అన్నిటికన్నా ముందు చీర ఎంత బలంగా ఉందో చూడాలి. పెళ్లినాటి పట్టు బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడతల మీద ఉంటే ఆ మడత దగ్గర పోగులు తెగిపోతాయి. పగటి వెలుగులో కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడు. మడతల గీతల వెంట వెలుతురు సన్నగా కారుతుంటే అక్కడ బలం లేదు. రెండు చేతుల బొటనవేళ్లతో మడతకు అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగి చూడు. చిటచిటమని చప్పుడు వచ్చినా, పోగులు విడిపోయి సందు కనబడినా, ఆ చీర కుట్టు సూదికి ఆగదు. అప్పుడు కత్తిరించవద్దు, అమ్మను చీరగానే దాచుకోమను. ఆగేలా ఉంటేనే మిగతాది.

ఆగుతుందనే అనుకుందాం. చీర కత్తిరించకుండానే లంగా తొడిగి చూసుకోవచ్చు, చాలామందికి ఈ ఆలోచన రాదు. పట్టుచీర పన్నా 46 అంగుళాలు ఉందనుకో. పెద్దంచు కిందికి వచ్చేలా పట్టుకుని పై వైపు 7 అంగుళాలు లోపలికి మడిస్తే నీ లంగా పొడవు 39 మిగులుతుంది. నడుముకు గట్టి నాడా కట్టుకుని, కొంగు వైపు వదిలేసి, మూడున్నర మీటర్ల మేర అంగుళం అంగుళం కుచ్చులు పెట్టి నాడాలో దోపుకో. అమ్మ సాయం ఉంటే పది నిమిషాల పని. పిన్నీసులు మాత్రం జరీ మీద గుచ్చవద్దు, రంధ్రాలు మిగిలిపోతాయి. బట్టల క్లిప్పులు వాడుకో.

ఇప్పుడు అద్దంలో మూడు సంగతులు చూడు. ఒకటి అంచు. నీ ఎత్తుకు 39 అంగుళాల లంగాలో 8 అంగుళాల అంచు అంటే ఐదో వంతు. ఏఐ బొమ్మలో అది ఇంతకన్నా తక్కువే ఉండి ఉంటుంది, ఎందుకంటే కాళ్లు సాగితే అంచు సన్నబడినట్టు కనబడుతుంది. అంత వెడల్పు అంచు నీకు బరువుగా అనిపిస్తే అడుగున రెండు అంగుళాలు లోపలికి మడిచి, పై మడతను ఐదు అంగుళాలకు తగ్గించి కుట్టించుకోవచ్చు. అంచును కత్తిరించే పని లేదు, రేపు మళ్లీ విప్పుకోవచ్చు.

రెండు, నడుము. మూడున్నర మీటర్లంటే 138 అంగుళాలు. దాన్ని 28లోకి కుదించావు, అంటే నడుము చుట్టూ దాదాపు ఐదు పొరల పట్టు. లావుగా ఉబ్బిందా? ఉబ్బితే కుచ్చులను పై నుంచి నాలుగు అంగుళాల దాకా అణచి కుట్టమని టైలర్‌కు చెప్పు. ఆ కుట్టు దాటిన తర్వాతే లంగా విచ్చుకుంటుంది. అప్పటికీ లావుగానే ఉంటే 3 మీటర్లకు తగ్గించుకో. పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది బాగా తేడా చూపిస్తుంది.

మూడు, ఒకసారి గిర్రున తిరిగి చూడు. గొడుగు కట్‌లా గాలిలోకి లేవదు. బరువుగా ఊగుతుంది, అంచు నేలకు సమానంగా తిరుగుతుంది. నాకైతే పెద్దంచు పట్టుకు ఈ ఊపే అందం. నీకు నచ్చకపోతే మాత్రం మొహమాటపడకు. చీరను మళ్లీ మడత పెట్టేసి జార్జెట్ కొనుక్కో. కత్తెర పడకముందు ఏ నిర్ణయానికీ ఖర్చు లేదు.

నచ్చితే, ఆ కుచ్చుల లంగాతోనే పైన నీకు సరిపోయే మామూలు జాకెట్టు వేసుకుని ఫొటో తీయించుకో. ఫోను నడుము ఎత్తులో ఉండాలి, తీసేవాళ్లు ఆరేడు అడుగుల దూరంలో నిలబడాలి. పై నుంచి వంచి తీస్తే కాళ్లు పొట్టిగా, కింది నుంచి తీస్తే పొడుగ్గా వస్తాయి. ఉదయం కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీస్తే పచ్చరంగు పచ్చగానే ఉంటుంది. ట్యూబులైటు కింద అది మారిపోతుంది. ఏఐకి ఇచ్చే ముందు ఆ ఫొటోలో ముఖం మీద రంగు పూసి కనబడకుండా చేసెయ్యి. తల ఆకారం ఉంటే చాలు, చీటీతో కొలుచుకోవడానికి అది పనికొస్తుంది. 18 ఏళ్లు నిండని వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. ఉచితంగా దొరికే ప్రతి యాప్ ఆ మాట వింటుందని నమ్మకం లేదు కాబట్టి ముఖం నీ దగ్గరే ఉండనీ. అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ఏఐకి ఈసారి చెప్పాల్సిన మాట ఇలా ఉండాలి: "ఈ ఫొటోలో మనిషి ఎత్తు, భుజాలు, నడుము, చర్మం రంగు మార్చవద్దు. లంగాను, దాని అంచును, మడతలను ఏమాత్రం ముట్టుకోవద్దు. జాకెట్టు, వోణి మాత్రమే మార్చు." వచ్చిన ప్రతి బొమ్మనూ చీటీతో కొలిచి, సాగిన వాటిని అక్కడే తీసిపారెయ్యి.

ఈ పనికి ఏఐ నిజంగా బాగుంటుంది. వోణి ఎరుపా, ఆవాలపూల పసుపా, లేత గులాబీయా? చేతులు మోచేతి దాకానా, భుజం దాటి నాలుగు అంగుళాలా? మెడ గుండ్రమా, పలకా? లంగా కదలకుండా ఒక్కోటీ మార్చి పక్కపక్కన పెట్టుకుంటే తేడా వెంటనే తెలిసిపోతుంది. దుకాణంలో పది వోణులు భుజాన వేసుకుని చూసే అలసట తప్పుతుంది. నీకు పొట్టి టాప్ ముచ్చట కూడా తీరుతుంది. జాకెట్టును నడుము పైన రెండు అంగుళాల దాకా దించి, పొట్టి టాప్‌లా కుట్టించుకో. ఫొటోలప్పుడు వోణి వేసుకో, డాన్సప్పుడు తీసి పక్కన పెట్టుకో. జాకెట్టుకు చీరలో మిగిలిన మీటరు పచ్చ బట్ట సరిపోతుంది. కొంగును మాత్రం ముక్కలు చేయకుండా అమ్మకు ఇచ్చెయ్యి.

వోణికి రెండున్నర మీటర్ల జార్జెట్ చాలు. కొనడానికి వెళ్లేటప్పుడు ఫోనులో బొమ్మ చూపించి రంగు అడగవద్దు, చీరనే సంచిలో పెట్టుకుని వెళ్లు. ఫోను తెరను బట్టి ఎరుపు మారిపోతుంది. రెండు బట్టలనూ పట్టుకుని దుకాణం బయటికి, ఎండలోకి వచ్చి చూసుకో.

టైలర్‌కు బొమ్మ ఇస్తే చూసి పక్కన పెడతాడు. ఆది జాకెట్టు ఇవ్వు, కుచ్చుల లంగాతో తీసిన అసలు ఫొటో ఇవ్వు, లంగా పొడవు, కుచ్చులు అణచాల్సిన అంగుళాలు కాగితం మీద రాసివ్వు. లోపల నూలు అస్తరు వేయమను, దాన్ని ముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరబెట్టి ఇవ్వు. లేకపోతే మొదటి ఉతుకులో అస్తరు కుంచించుకుపోయి పట్టు పైకి ముడుచుకుంటుంది. జాకెట్టుకు రెండు పక్కలా లోపల అంగుళం చొప్పున బట్ట వదలమను. సంక్రాంతి దాటిన మర్నాడే ఇచ్చెయ్యి. మాఘమాసం పెళ్లిళ్ల జాకెట్లు వచ్చిపడ్డాయంటే నీ లంగా వాటి కిందికి వెళ్లిపోతుంది. పార్టీకి కనీసం నాలుగు రోజుల ముందు తొడిగి చూసుకునేలా మాట తీసుకో. ఆ రోజు చేతులు పైకెత్తి, కుర్చీలో కూర్చుని, మెట్లెక్కి చూడు. ఫేర్‌వెల్‌కు వేసుకునే చెప్పులు కూడా పట్టుకెళ్లు, లంగా అడుగు మడిచేది వాటి మీద నిలబడి కొలిచిన తర్వాతే.